చెవి మిషన్, చేతికర్ర: కొనేముందు కొలత

వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నటి రోమకణాలు ఉంటాయి. వాటిలో ముందుగా దెబ్బతినేవి హెచ్చుశ్రుతి శబ్దాలను పట్టేవి. మన మాటల్లో అచ్చులు తక్కువ శ్రుతిలో, గట్టిగా పలుకుతాయి. క, చ, త, ప, స వంటి హల్లులు హెచ్చుశ్రుతిలో, మెల్లగా, క్షణంలో వచ్చి పోతాయి. అందుకే పెద్దవారికి మాట వినపడుతుంది కానీ అర్థం కాదు. పాలు, కాలు, చాలు అనే మూడు మాటల్లో తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. అది జారిపోతే మూడూ ఒకటే. ‘నాకు బాగానే వినపడుతోంది, మీరే గొణుగుతున్నారు’ అని తల్లి అంటే అందులో అబద్ధమేమీ లేదు, ఆమెకు వినిపిస్తున్నది అలాగే ఉంది. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు అరిచి చెబితే అచ్చులు మరింత పెద్దవవుతాయి, హల్లులు అక్కడే ఉండిపోతాయి. పైగా చెడిన చెవికి పెద్ద శబ్దం ఆరోగ్యమైన చెవికంటే త్వరగా భరించరానిదవుతుంది. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే ‘ఎందుకలా అరుస్తావు’ అని విసుగు.

చెవి మిషన్ ఎంపికంతా ఈ లక్షణం మీదే నడుస్తుంది. అన్ని శబ్దాలనూ ఒకే మోతాదులో పెంచే యంత్రం పనికిరాదు. ఏ శ్రుతిలో ఎంత లోటు ఉందో అక్కడ అంతే పెంచాలి, పెద్ద శబ్దాలను ఒక హద్దు దాటనివ్వకూడదు. కాబట్టి పెట్టెమీది పేరుకంటే ముందు తేలాల్సింది ఆ చెవి కొలత.

ముందు డాక్టరు, తర్వాత పరీక్ష

మొదటి మెట్టు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. చెవిలో గుబిలి గట్టిపడి మూసుకుపోయినా వినికిడి తగ్గుతుంది. దానికి శుభ్రం చేయడం చాలు, మిషన్ అక్కర్లేదు. చెవిలో చీము, నొప్పి, కళ్లు తిరగడం, ఒకే చెవిలో హోరు, రెండు చెవుల మధ్య బాగా తేడా ఉంటే వాటి కారణం తేలేదాకా మిషన్ మాట ఎత్తకూడదు. రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకుండా పోతే అది వయసు పని కాదు, అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. ఇలాంటి వాళ్లు కూడా నేరుగా మిషన్ల దుకాణానికి వెళ్లి, వారాలు పోగొట్టుకోవడం జరుగుతూనే ఉంటుంది.

తర్వాత ఆడియాలజిస్టు దగ్గర, శబ్దం చొరబడని గదిలో ఆడియోమెట్రీ చేయించాలి. ఒక్కో శ్రుతిలో ఎంత మెల్లని శబ్దాన్ని వినగలుగుతున్నారో చూసి ఆడియోగ్రామ్ అనే పటం మీద గుర్తు పెడతారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు. ఎడమ నుంచి కుడికి శ్రుతి పెరుగుతుంది, పై నుంచి కిందికి లోటు పెరుగుతుంది. వయసు చెవుడులో ఈ గీత ఎడమన పైన మొదలై కుడికి వెళ్లేకొద్దీ జారుతుంది. లోటును డెసిబెల్స్‌లో చెబుతారు. 26 నుంచి 40 వరకు స్వల్పం, 60 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం అని స్థూలంగా అనుకోవచ్చు.

చాలాచోట్ల వదిలేసే రెండో పరీక్ష మాటలు గుర్తించే పరీక్ష. సౌకర్యంగా వినపడేంత గట్టిగా కొన్ని మాటలు వినిపించి, తిరిగి చెప్పమంటారు. ఆ మాటలు తెలుగులోనే ఉండాలి. ఎనభై ఏళ్ల మనిషి రాని భాషలో పదాలు తప్పు చెబితే అది చెవి తప్పు కాదు. ఈ పరీక్షలో నూటికి ఎనభై, తొంభై సరిగా చెబితే మిషన్‌తో మంచి లాభం ఉంటుంది. నలభై, యాభై దగ్గర ఆగిపోతే శబ్దం చేరుతున్నా నరం దాన్ని విడదీసి అందించలేకపోతోందని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా మాట సగమే తెలుస్తుంది. ఆ సంగతి కొనకముందే తెలిస్తే లక్షలు పోసి నిరాశపడడం తప్పుతుంది.

పరీక్ష చేసేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన ఈ మండలి ఇచ్చే నంబరును గోడమీది సర్టిఫికెట్‌లో చూడవచ్చు, మండలి వెబ్‌సైట్‌లో సరిపోల్చుకోవచ్చు. తెల్ల కోటు వేసుకున్న సేల్స్‌మన్‌ను ఆడియాలజిస్టు నుంచి విడదీసేది ఈ నంబరే. దుకాణాల్లో ‘ఉచిత పరీక్ష’ చేయించుకున్నా తప్పులేదు కానీ, ఆ ఆడియోగ్రామ్ కాపీ చేతికి ఇవ్వమని అడగాలి. ఇవ్వనంటే ఆ దుకాణం దాటి వెళ్లడమే మంచిది. అమ్మకంతో సంబంధం లేని పరీక్ష కావాలంటే బోధనాసుపత్రుల్లోని చెవి విభాగాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆకారం వేరు, కంపెనీ వేరు, స్థాయి వేరు

చెవి వెనక కూర్చుని సన్నని గొట్టంతో శబ్దాన్ని లోపలికి పంపేది ఒక రకం. ఏ స్థాయి లోటుకైనా దొరుకుతుంది, గట్టిది, చెమటకు కొంత ఓర్చుకుంటుంది. రెండో రకంలో మిషన్ చెవి వెనకే ఉన్నా స్పీకరు సన్నటి తీగ చివర చెవి రంధ్రంలో ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. తేలిక, శబ్దం సహజంగా ఉంటుంది. అయితే స్పీకరు గుబిలిలో ఉంటుంది కనుక దాని జల్లెడను తరచు మార్చాలి. మూడోది చెవిలోపలే దాగేది. ‘బయటికి కనపడదు’ అన్న ఒక్క మాటమీద అమ్ముడయ్యే రకం ఇది. చిన్నది కనుక వేళ్లు వణికే వారికి, చూపు తగ్గినవారికి పట్టుకోవడమే కష్టం. రంధ్రాన్ని మూసేస్తుంది కనుక సొంత గొంతు డ్రమ్ములో మాట్లాడినట్టు మోగుతుంది. జేబులో పెట్టుకుని తీగతో చెవికి తగిలించుకునే పాత రకం చవక. తీవ్రమైన లోటు ఉండి, చిన్న మీటలు పట్టుకోలేనివారికి ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక కంపెనీలు. బజారులో పేర్లు చాలా కనిపించినా వాటి వెనక ఉన్న పెద్ద సంస్థలు ఐదే. స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవాది ఫోనాక్, యూనిట్రాన్. డెన్మార్క్ డీమాంట్‌ది ఓటికాన్, బెర్నాఫోన్. ఒకప్పటి సీమెన్స్ వినికిడి విభాగం నుంచి వచ్చిన సంస్థ, వైడెక్స్ 2019లో కలిసి డబ్ల్యూఎస్ ఆడియాలజీ అయ్యాయి. సిగ్నియా, వైడెక్స్, రెక్స్‌టన్ పేర్లు దానివే. డెన్మార్క్‌దే అయిన జీఎన్ సంస్థది రీసౌండ్. అమెరికాది స్టార్కీ. ఒకే సంస్థ తన సాంకేతికతను రెండు పేర్లతో రెండు ధరలకు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు. మన దేశంలో తయారయ్యేవాటిలో ఆర్ఫీ, ఆల్ప్స్ పేర్లు పాతవి. కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో కూడా తయారు చేస్తుంది.

ఈ ఐదింటిలో ఏది గొప్పది అన్న ప్రశ్నకు పనికొచ్చే జవాబు లేదు. వైడెక్స్ శబ్దం సహజంగా ఉంటుందని కొందరు, ఫోనాక్ ఏ ఫోనుకైనా కలుస్తుందని కొందరు అంటారు. అలాంటి తేడాలు ఉన్నాయి కానీ చిన్నవి. పెద్ద తేడా ఒకే కంపెనీలోని స్థాయిల మధ్య ఉంటుంది. అదీ ధరలో. ఒకే మోడల్‌ను మూడు, నాలుగు మెట్లలో అమ్ముతారు. పైమెట్టు ధర కిందిమెట్టుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఫోనాక్‌లో 30, 50, 70, 90 అంకెల్లో 90 పైది. వైడెక్స్‌లో 440 పైది, 110 కిందిది. సిగ్నియాలో 7 పైది. ఓటికాన్‌లో మాత్రం తలకిందులు: 1 పైది, అంకె పెరిగేకొద్దీ మెట్టు దిగుతుంది. ఈ లెక్క తెలియకపోతే ‘అక్కడ రెండు, ఇక్కడ ఐదు ఇస్తున్నాం’ అని చెప్పి ఏదైనా అమ్మవచ్చు.

పైమెట్టులో అదనంగా వచ్చేది ఎక్కువ ఛానెళ్లు, రద్దీలో వెనక శబ్దాన్ని తగ్గించే తెలివి, తనంతట తాను సెట్టింగు మార్చుకునే గుణం. అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం స్వల్ప, మధ్యస్థ లోటు ఉన్న పెద్దవారికి పైమెట్టు, కిందిమెట్టు మిషన్లు రెండూ ఇచ్చి, నిత్యజీవితంలో వాడించి చూసింది. 2014లో వెలువడిన ఆ ఫలితం కంపెనీలకు రుచించేది కాదు. రెండింటితోనూ వారికి మాటలు బాగా తెలిశాయి, ఖరీదైనది మెరుగని తేలలేదు. అధ్యయనం చిన్నదే. అందులో మిషన్లన్నిటినీ జాగ్రత్తగా కొలిచి అమర్చారన్నదీ మరిచిపోకూడదు. రోజూ సమావేశాల్లో కూర్చునే యాభై ఏళ్ల ఉద్యోగికి పైమెట్టు ఉపయోగపడవచ్చు. ఇంట్లో, గుళ్లో, టీవీ ముందు, ఫోనులో మాటలు వినాల్సిన డెబ్బై దాటిన మనిషికి మధ్యమెట్టు, ఒక్కోసారి కిందిమెట్టు చాలు. మిగిలిన డబ్బు రెండో చెవికి పెట్టడం మేలు. రెండు చెవులూ సమంగా చెడినప్పుడు ఒక్కదానికే మిషన్ పెడితే మాట ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు, గోలలో వినడం కష్టమవుతుంది.

ఆ అమర్చడం అన్న మాటలో ఈ వ్యాపారపు రహస్యమంతా ఉంది. కంప్యూటర్‌లో ఆడియోగ్రామ్ అంకెలు వేసి ‘ఫస్ట్ ఫిట్’ నొక్కితే కంపెనీ సగటు చెవికి సరిపడే లెక్క మిషన్‌లోకి వెళ్తుంది. చాలా దుకాణాల్లో పని అక్కడితో సరి. కానీ చెవి రంధ్రం పొడవు, వెడల్పు మనిషికీ మనిషికీ మారుతుంది. అదే లెక్క ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ శబ్దం ఇస్తుంది. సరైన పద్ధతిలో వెంట్రుకలాంటి గొట్టాన్ని కర్ణభేరికి దగ్గరగా పెట్టి, మిషన్ నడుస్తుండగా అక్కడికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచి, లక్ష్యానికి కలిసేలా సవరిస్తారు. దీన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. కొనబోయేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మీ దగ్గర రియల్ ఇయర్ చేస్తారా?’ అన్నదే. ఆ పరికరం ఉన్న క్లినిక్‌లో మధ్యమెట్టు మిషన్, అది లేని హంగుల షోరూములో పైమెట్టు మిషన్ కంటే బాగా వినిపించే అవకాశం ఎక్కువ.

ఒక ఉదాహరణ

తెనాలిలో ఉండే 76 ఏళ్ల తల్లి అనుకుందాం. రెండు చెవుల్లోనూ లోటు దాదాపు ఒకటే: 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70. ఈ నాలుగింటి సగటు 49, అంటే మధ్యస్థ లోటు. తెలుగు మాటల పరీక్షలో నూటికి 84 సరిగా చెప్పింది. వేళ్లలో కీళ్లవాతం ఉంది. స్మార్ట్‌ఫోన్ వాడదు. బెంగళూరులో ఉన్న కొడుకు మూడు చోట్ల ధర అడిగాడు.

మొదటిచోట చెవిలో దాగే జత 70 వేలు అన్నారు. ఆమె ఆడియోగ్రామ్‌లో తక్కువ శ్రుతులు ఇంకా బాగున్నాయి. రంధ్రాన్ని మూసే మిషన్ పెడితే సహజంగా చేరే ఆ శబ్దాలు ఆగిపోయి, సొంత గొంతు మోగుతుంది. పైగా అందులో పడే పదో నంబరు బ్యాటరీ అన్నిటికంటే చిన్నది. ఆ వేళ్లతో వారానికోసారి మార్చడం అయ్యే పని కాదు. రెండోచోట పైమెట్టు జత నాలుగు లక్షల ముప్పై వేలు, ‘ఈ వారం మాత్రం’ నలభై శాతం తగ్గించి రెండు లక్షల యాభై ఎనిమిది వేలు. ఆమె వాడని ఫోను సదుపాయాలకే అందులో చాలా డబ్బు పోతోంది. వారంలో అంత తగ్గే ధర మొదట ఎందుకంత ఉందన్నది వేరే ప్రశ్న. మూడోచోట, గుంటూరులోని ఒక ఆడియాలజిస్టు దగ్గర, అదే కంపెనీ కింది నుంచి రెండో మెట్టు, స్పీకరు చెవిలో ఉండే రకం, ఛార్జింగ్‌తో జత లక్షా పది వేలు. రెండు వారాలు వాడి చూసే వీలు, రియల్ ఇయర్ కొలత, ఆరు నెలలు ఉచితంగా సవరణలు, రెండేళ్ల వారంటీ అందులోనే. గాలి ఆడే మెత్తని రబ్బరు గొడుగు పెడితే తక్కువ శ్రుతులు తమంతట తాము చేరతాయి, మిషన్ హెచ్చుశ్రుతులను మాత్రం పెంచుతుంది.

అదే మెట్టులో మార్చే బ్యాటరీ జత 90 వేలు. ఇరవై వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. నారింజ రంగు చీటీ ఉండే 13 నంబరు బ్యాటరీ ఒక్కోటి సుమారు పది రోజులు వస్తుంది. రెండు చెవులకు ఏడాదికి 73, అంటే ఆరేసి ఉండే పట్టీలు పన్నెండు. పట్టీ మూడు వందలు అనుకుంటే ఏడాదికి 3,600, ఐదేళ్లకు 18 వేలు. తేడా దాదాపు తీరిపోయింది. ఛార్జింగ్ రకంలో నాలుగైదేళ్లకు లోపలి బ్యాటరీ మార్పించాల్సి రావచ్చు కనుక లెక్క సమానమే అనాలి. ఇక్కడ తీర్పు చెప్పేది వేళ్లు. ఛార్జింగ్ రకమే ఆమెకు తగినది.

డబ్బు కట్టేటప్పుడు బిల్లు మీద కంపెనీ, మోడల్, స్థాయి, రెండు మిషన్ల సీరియల్ నంబర్లు విడివిడిగా రాయించుకోవాలి. ఆ నంబర్లు చెప్పి కంపెనీ భారత కార్యాలయాన్ని అడిగితే అవి ఎప్పటి సరుకో, వారంటీ నమోదైందో లేదో తెలుస్తుంది. షోలో పెట్టినవి, తిరిగి వచ్చినవి కొత్తవిగా అంటగట్టే మోసం ఇక్కడే బయటపడుతుంది. హియరింగ్ ఎయిడ్లకు జీఎస్టీ లేదు. ‘పన్ను అదనం’ అంటే ఎందుకని అడగాలి. ఇంకో ప్రశ్న: ఈ మిషన్‌ను వేరే ఊళ్లో, వేరే ఆడియాలజిస్టు సవరించగలరా? కొన్ని గొలుసు దుకాణాలు తమ సొంత పేరుతో, తమ సాఫ్ట్‌వేర్‌కే తాళం వేసి అమ్ముతాయి. తల్లి కొన్నాళ్లు తెనాలిలో, కొన్నాళ్లు బెంగళూరులో ఉంటే అలాంటిది పనికిరాదు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చేవాటికీ ఇదే చిక్కు. అక్కడ 2022 అక్టోబరు నుంచి స్వల్ప, మధ్యస్థ లోటుకు డాక్టరు చీటీ లేకుండానే మిషన్లు అమ్ముతున్నారు. చాలావాటిని ఫోనులోని యాప్‌తో ఎవరికి వారే సవరించుకోవాలి. అది ఓపికగా చేసేవారు ఇంట్లో ఉంటే సరే. లేకపోతే మరమ్మతు వచ్చినప్పుడు మిషన్ సముద్రం దాటి వెళ్లాల్సిందే. ఇక ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు దొరికే ‘సౌండ్ యాంప్లిఫయర్లు’ చెవి మిషన్లు కావు. అవి అన్నిటినీ కలిపి పెంచుతాయి. గిన్నె కిందపడితే పెద్దాయన ఉలిక్కిపడతాడు, మాట మాత్రం తెలియదు. చెవి మిషన్లంటే గోల తప్ప ఏమీ ఉండదన్న అపోహ చాలా ఇళ్లలో వీటివల్లే పుట్టింది.

మంచి మిషన్ అయినా మొదటి రోజుల్లో ఫ్యాను హోరు, కాగితం గలగల, సొంత అడుగుల చప్పుడు చిరాకు పెడతాయి. ఏళ్ల తరబడి వినని శబ్దాలను పట్టించుకోకుండా ఉండడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి. దానికి నెల, నెలన్నర పడుతుంది. మొదటి వారం ఇంట్లో, ఒకరిద్దరితో మాటల్లో రోజుకు మూడు నాలుగు గంటలు చాలు. పెళ్లికి వెళ్లే రోజే తొలిసారి పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఆరంభం. ఈల వేస్తుంటే గొడుగు సరిగా కూర్చోలేదనో, గుబిలి ఉందనో గుర్తు. శబ్దం ఒక్కసారిగా తగ్గితే ముందు జల్లెడ మార్చి చూడాలి. మిషన్ చెడిందని తెచ్చే చాలా ఫిర్యాదులు అక్కడే తీరతాయి. కోస్తా ఉక్కపోతలో చెమట లోపలి భాగాలను తుప్పు పట్టిస్తుంది. మార్చే బ్యాటరీ రకమైతే రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. కొత్త బ్యాటరీ చీటీ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలికి వదిలి, అప్పుడు వేయాలి. ఆ బ్యాటరీ పనిచేసేదే గాలితో.

కర్ర ఎత్తు, గడప ఎత్తు

అమెరికాలో ఫ్రాంక్ లిన్, లూయీజి ఫెరూచీ 2012లో ప్రచురించిన పరిశీలనలో 25 డెసిబెల్స్ లోటు ఉన్నవారు గత ఏడాదిలో పడిపోయామని చెప్పడం మామూలు వారికంటే దాదాపు మూడు రెట్లు కనిపించింది. వినికిడి లోపమే పడేస్తుందని దీనితో రుజువు కాదు కానీ, ఈ రెండు సమస్యలు ఒకే మనిషిలో కలిసి ఉండడం ఇళ్లలో అందరూ చూసేదే. పై ఉదాహరణలోని తల్లికి కూడా కుడి మోకాలు అరిగి, నడక తూలుతోంది.

నడక సాధనాల్లో కంపెనీ పేరుకు ఇంకా తక్కువ విలువ. విస్కో, టైనర్, తైవాన్‌కు చెందిన కర్మ, అలిమ్‌కో వంటి పేర్లు దుకాణాల్లో ఉంటాయి. మామూలు అల్యూమినియం కర్ర కొన్ని వందలు, నాలుగు కాళ్ల కర్ర వెయ్యి అటూ ఇటూ, మడిచే వాకరు రెండు వేల లోపు, బ్రేకులూ సీటూ ఉన్న చక్రాల వాకరు ఐదు వేలు ఆపైన. వస్తువు మీద ఎంత బరువు ఆగుతుందో రాసి ఉండాలి. మనిషి బరువు దానికి బాగా లోపల ఉండాలి. ఎత్తు సర్దే బొత్తాం రంధ్రంలోంచి పూర్తిగా బయటికి వచ్చి ‘టిక్’మనాలి. వాకరును విప్పి, నాలుగు కాళ్లూ చదునైన నేలపై ఆనుతున్నాయా, మీద బరువు వేస్తే ఏ కాలైనా ఊగుతోందా చూడాలి. దుకాణంలో ఇది చూడనివ్వకపోతే కొనకూడదు. అందుకే ఆన్‌లైన్ కంటే ఆసుపత్రుల చుట్టూ ఉండే సర్జికల్ దుకాణాలు మేలు. హైదరాబాద్ కోఠి అయినా, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వైపైనా రెండు మూడు పక్కపక్కనే ఉంటాయి, మనిషిని తీసుకెళ్లి నడిపించి చూడవచ్చు.

అసలు కొలత ఎత్తు. మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, మణికట్టు గీత ఎక్కడుందో కర్ర పిడి అక్కడ ఉండాలి. అప్పుడు పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగుతుంది. కర్ర ఎత్తుగా ఉంటే భుజం లేస్తుంది, బరువు ఆనదు. పొట్టిగా ఉంటే నడుము వంగి మనిషి ముందుకు తూలుతుంది. విదేశీ సూచనల్లో బూట్లతో కొలవమని ఉంటుంది. మన ఇళ్లలో పెద్దవారు వట్టికాళ్లతో తిరుగుతారు, బయటికి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటారు. ఆ అర అంగుళం, అంగుళం తేడా ఒక రంధ్రంతో సమానం. ఎక్కువసేపు ఎలా నడుస్తారో అలాగే కొలవాలి. ఐదడుగుల ఎత్తున్న ఆ తల్లికి వట్టికాళ్లతో కొలత 29 అంగుళాలు వచ్చింది.

కర్రను నొప్పి ఉన్న కాలివైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమచేత. కుడికాలు ముందుకు వేసేటప్పుడు కర్ర కూడా దానితోపాటు పడాలి, అప్పుడే శరీర బరువులో కొంత కాలి మీద నుంచి చేతికి మళ్లుతుంది. చాలామంది సహజంగానే నొప్పివైపు పట్టుకుని ఒరిగి నడుస్తారు, దానితో మోకాలి మీద భారం తగ్గదు. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు.

నాలుగు కాళ్ల కర్ర ఒక్క కర్రకంటే భద్రమని అనిపిస్తుంది. నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనితేనే అది నిజం. వేగంగా నడిచేవారికి రెండు కాళ్లే ఆని ఊగుతుంది, ఇరుకు మెట్లమీద పట్టదు. పక్షవాతం తర్వాత ఒక చెయ్యే పనిచేసేవారికి, మెల్లగా అడుగేసేవారికి అది సరైనది. తూలు ఎక్కువైతే, రెండు చేతులకూ పట్టు ఉంటే వాకరు. చక్రాలు లేని వాకరును ప్రతి అడుగుకూ ఎత్తి పెట్టాలి. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఆ ఎత్తడంలోనే అడుగు ఆగిపోతుంది, వెనక్కి తూలే ప్రమాదమూ ఉంది. నాలుగు చక్రాలది బ్రేకు నొక్కడం తెలియని మనిషి ముందు జారి పరుగెడుతుంది. ఇక్కడ ఒక్కసారి ఫిజియోథెరపిస్టు చూసి చెప్పడం దుకాణదారు సలహాకంటే విలువైనది.

వాకరు కొనేముందు టేపు పట్టుకుని కొలవాల్సింది బాత్రూం తలుపు. మనవైపు బాత్రూం ద్వారాలు చాలావరకు రెండు నుంచి రెండున్నర అడుగులు. తలుపు మందం, గడియ పోను మిగిలే సందు ఇంకా తక్కువ. వాకరు కాళ్ల మధ్య వెడల్పు రెండడుగుల దగ్గర ఉంటుంది. ఇంటికి తెచ్చాక అది ద్వారంలో పట్టక, పెద్దవారు వాకరును బయట వదిలి తడినేల మీద ఊతం లేకుండా వెళ్లడం జరుగుతుంది. సరిగ్గా ఊతం కావాల్సింది అక్కడే. తర్వాత గడప. చిన్న చక్రాలు ఎత్తైన గడప దాటలేవు. ఆ తల్లి ఇంట్లో సందు 22 అంగుళాలే ఉంది, రెండు గడపలు ఉన్నాయి. వాకరు మానేసి, వంపు పిడి ఉన్న ఒక్క కర్ర, బాత్రూం గోడకు కమోడ్ పక్కన ఒక స్టీలు పట్టీ బిగించడం ఆమెకు కుదిరిన ఏర్పాటు. పట్టీని ఇటుక గోడలోకి మేకుబోల్టులతో బిగించాలి. గోడకు అతుక్కునే రబ్బరు పట్టీలు బరువు పడితే ఊడిపోతాయి.

కర్ర కింద ఉండే రబ్బరు బుష్ అరిగి నున్నబడితే గ్రానైట్ మీద జారుతుంది. దాని గీతలు పోయాయేమో నెలకోసారి తిప్పి చూడాలి. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకెళ్తే గొట్టం లావుకు సరిపోయేది దొరుకుతుంది. యాభై రూపాయల వస్తువు కోసం తుంటి విరగ్గొట్టుకోవడం జరుగుతూ ఉంటుంది. కూర్చున్నచోటు నుంచి లేచేటప్పుడు వాకరును పట్టి లాగకూడదు, మీద పడుతుంది. కుర్చీ చేతులు నొక్కి లేచి, నిలబడ్డాకే వాకరు పట్టుకోవాలి. లేవగానే కళ్లు తిరుగుతుంటే కర్ర మార్చడం కాదు, బీపీ మందులు డాక్టరుకు చూపించాలి.

ఖర్చు భరించలేనివారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైన ఈ కేంద్ర పథకం కింద 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి లేదా నెల ఆదాయం 15 వేలు మించనివారికి చేతికర్ర, నాలుగు కాళ్ల కర్ర, వాకరు, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ వంటివి ఉచితంగా ఇస్తారు. అమలు చేసేది అలిమ్‌కో. జిల్లా యంత్రాంగం పెట్టే శిబిరాల్లో పరీక్షించి, తర్వాత పంపిణీ చేస్తారు. ఆధార్, వయసు, ఆదాయం లేదా రేషను కార్డు రుజువులు పట్టుకెళ్లాలి. ఏడాదిపాటు మరమ్మతు ఉచితం, అందుకు శిబిరంలో ఇచ్చిన చీటీ దాచుకోవాలి. ఇక్కడ దొరికే చెవి మిషన్‌ను శిబిరపు రద్దీలో సరిగా సవరించడం కష్టం. దాన్ని ఆడియోగ్రామ్‌తోపాటు దగ్గరి ప్రభుత్వాసుపత్రి చెవి విభాగానికి తీసుకెళ్లి, ఆ చెవికి సరిపోయేలా సవరించగలరా అని అడగాలి. శిబిరం ఎప్పుడో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567ను అడగవచ్చు. డబ్బు పెట్టి కొన్నదానిలో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ మొదట అడిగేది బిల్లే.